మానిటర్ తీసేశాక రిమోట్‌లో నల్ల తెర: డమ్మీ ప్లగ్ పెడితే సరిపోతుందా?

తెనాలి_రెండర్
అందరికీ నమస్తే. నా డెస్క్‌టాప్ తెనాలిలో ఇంట్లో ఉంటుంది, నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. బ్లెండర్ రెండర్లన్నీ ఆ మెషీన్ మీదే. రాత్రి పెట్టి పొద్దున రిమోట్‌లో చూసుకుంటాను. పోయిన వారం మా చెల్లి మానిటర్ విప్పి తన లాప్‌టాప్‌కి పెట్టుకుంది. ఆ రోజంతా రిమోట్ బాగానే వచ్చింది. మర్నాడు కరెంటు పోయి వచ్చి మెషీన్ రీస్టార్ట్ అయింది. అప్పటినుంచి కనెక్ట్ అవుతోంది గానీ తెర మొత్తం నలుపు, కర్సర్ కూడా కనబడదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వెళ్తే ఫైళ్లన్నీ ఉన్నాయి, ప్రాసెస్‌లు నడుస్తున్నాయి. రిమోట్ యాప్ సర్వీస్‌గా ఇన్‌స్టాల్ చేసిందే, లాగిన్ తెర నుంచే కనబడాలి.

విండోస్ 11 హోమ్, రైజెన్ 5 5600, ఎన్విడియా కార్డు. కార్డుకి మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి. డమ్మీ ప్లగ్ కొనమని ఆఫీసులో ఒకరు చెప్పారు. అంత చిన్న ముక్క అసలు ఏం చేస్తుంది? కొనేముందు తెలుసుకుందామని అడుగుతున్నాను.

పాత_అసెంబ్లర్
తమ్ముడూ, నల్ల తెర అంటే నూటికి తొంభై సార్లు ర్యామే. ఇంట్లో ఎవరినైనా ర్యామ్ తీసి, కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టమను. సీమాస్ బ్యాటరీ కూడా ఒకసారి తీసి పెట్టించు.

తెనాలి_రెండర్
అన్నా, మెషీన్ బూట్ అవుతోంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి ఫైళ్లు కాపీ చేసుకుంటున్నాను కూడా. రిమోట్‌లో బొమ్మ మాత్రమే లేదు.

పాత_అసెంబ్లర్
సరే సరే, మానిటర్‌లో నలుపు అనుకున్నాను. అయినా మెషీన్ నడుస్తుంటే బొమ్మ ఎందుకు రాదు? మానిటర్ లేకపోయినా కార్డు బొమ్మ గీస్తూనే ఉండాలి కదా?

వీజీఏ_కాలం
అక్కడే ఉంది కిటుకు. పోర్టు మీద లోడ్ లేకపోతే కార్డు గీయదు. దీనికి ప్లగ్ కొనక్కర్లేదు తమ్ముడూ. వీజీఏ కనెక్టర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులకీ వాటి గ్రౌండ్‌లకీ మధ్య 75 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు పెడితే కార్డు మానిటర్ ఉందనే అనుకుంటుంది. 1కి 6, 2కి 7, 3కి 8. ఫోల్డింగ్ ఎట్ హోమ్ నడిపే రోజుల్లో రెండో కార్డుని మేల్కొలపడానికి మేమంతా ఇదే చేసేవాళ్లం. మూడు రూపాయల్లో పని అయిపోయేది. హెచ్‌డీఎంఐకి కూడా అలాగే రెసిస్టర్లు పెట్టుకో.

సర్క్యూట్_సుజాత
వీజీఏ_కాలం గారు చెప్పిన పిన్నులూ విలువా వీజీఏకి సరిగ్గా సరిపోతాయి. వీజీఏ అనలాగ్ కాబట్టి కార్డు తీగలో 75 ఓమ్‌ల లోడ్ ఉందా లేదా అని కొలిచి మానిటర్‌ని పసిగట్టేది. హెచ్‌డీఎంఐలో రెసిస్టర్లతో మాత్రమే పని జరగదు. అక్కడ కార్డు రెండు విషయాలు చూస్తుంది, రెండూ కావాలి.

మొదటిది హాట్ ప్లగ్ డిటెక్ట్, అంటే 19వ పిన్ను. కార్డు 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ లోపల ఆ 5 వోల్టుల్నే ఒక రెసిస్టర్ ద్వారా 19వ పిన్నుకి తిప్పి పంపుతారు. 19వ పిన్ను మీద వోల్టేజి కనబడితే అవతల ఏదో తగిలించారని కార్డుకి తెలుస్తుంది. ఆ వచ్చినది ఎవరో తెలుసుకోవడం రెండో పని. 15, 16 పిన్నుల మీద ఐ-స్క్వేర్డ్-సీ లైను ఉంటుంది, దాని మీద కార్డు 0x50 అనే చిరునామాని పిలుస్తుంది. మానిటర్‌లోని చిన్న మెమరీ చిప్ 128 బైట్ల ఈడీఐడీని పంపుతుంది, చాలా వాటిలో దాని వెనక ఇంకో 128 ఉంటాయి. కంపెనీ కోడ్, ఏ రిజల్యూషన్లు చేతనవును, వాటిలో ఏది ఇష్టం, ఇవన్నీ అందులోనే ఉంటాయి. చివరి బైటు చెక్‌సమ్.

హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్‌లో ఉండేవి దాదాపుగా ఈ రెండే: 19వ పిన్నుకి ఒక రెసిస్టర్, ఈడీఐడీ రాసిపెట్టిన ఒక ఈఈప్రామ్. ఆ చిప్ కార్డు ఇచ్చే 5 వోల్టుల మీదే నడుస్తుంది, అందుకే విడిగా పవర్ అక్కర్లేదు. బొమ్మ సిగ్నల్ వెళ్లే తీగలకి అవతల తెర ఏమీ లేదు. కార్డు గీసి పంపుతూనే ఉంటుంది, చూసేవాళ్లు లేరు. మనకి కావాల్సింది ఆ గీయడమే.

పాత_అసెంబ్లర్ గారు అడిగిన మాటకి వస్తే, కార్డు ఎప్పుడూ గీస్తూనే ఉండదు. విండోస్‌లో డెస్క్‌టాప్ అనేది పనిచేసే ఒక అవుట్‌పుట్ మీద నిలబడుతుంది. ఏ పోర్టులోనూ మానిటర్ లేకపోతే కార్డుకి ఆ అవుట్‌పుట్ తయారుకాదు. చాలా రిమోట్ యాప్‌లు విండోస్ 8తో వచ్చిన డెస్క్‌టాప్ డూప్లికేషన్ అనే సదుపాయంతో పనిచేస్తాయి. ఫలానా అవుట్‌పుట్ మీద ఇప్పుడున్న బొమ్మకి కాపీ ఇమ్మని అవి అడుగుతాయి. అవుట్‌పుటే లేనప్పుడు కాపీ దేనికి ఇస్తుంది? నెట్‌వర్క్, సర్వీస్, పాస్‌వర్డ్ అన్నీ పనిచేస్తాయి కాబట్టి యాప్ కనెక్ట్ అయ్యానని చెబుతుంది, పంపడానికి ఫ్రేములు లేక తెర నల్లగా ఉంటుంది. కొన్ని డ్రైవర్లు ఇలాంటప్పుడు 1024x768 లాంటి చిన్న సైజు తెరని తామే నిలబెడతాయి, కొన్ని నిలబెట్టవు. అందుకే కొందరి మెషీన్లు మానిటర్ లేకుండా బాగానే నడుస్తాయి.

తెనాలి_రెండర్, నీకు ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కాబట్టి ఊహించక్కర్లేదు. `powershell` అని టైప్ చేసి లోపలికి వెళ్లి ఇది నడిపి చూడు:

```
Get-CimInstance -Namespace root\wmi -ClassName WmiMonitorBasicDisplayParams
```

మానిటర్ ఉంటే `Active : True` అని, కింద దాని పేరూ వస్తాయి. ఏమీ రాకపోయినా, ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చినా విండోస్‌కి మానిటర్ కనబడటం లేదని అర్థం.

తెనాలి_రెండర్
నడిపాను అక్కా. ఎర్రర్ వచ్చింది, `Not supported` అంటోంది. అంటే మీరు చెప్పినదే. కానీ మానిటర్ తీసిన రోజంతా ఎలా పనిచేసింది?

సర్క్యూట్_సుజాత
నడుస్తున్న సెషన్‌లో మానిటర్ పీకితే, అప్పటికే ఉన్న డెస్క్‌టాప్‌ని కొన్ని డ్రైవర్లు అలాగే పట్టుకుని ఉంటాయి. బూట్ అయ్యేటప్పుడు పోర్టులన్నీ మొదటినుంచి వెతుకుతాయి, అప్పుడు ఎవరూ దొరకలేదు. నీ డ్రైవర్ కచ్చితంగా ఇదే చేసిందని దూరం నుంచి నేను చెప్పలేను గానీ, మానిటర్ తీయగానే కాకుండా రీస్టార్ట్ తర్వాతే నల్లబడటం చాలామందికి జరిగేదే.

ప్రో_వర్షన్
ఇంత తలనొప్పి ఎందుకు? విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. దానికి మానిటర్‌తో పనే లేదు. మా ఆఫీసు సర్వర్లకి ఒక్కదానికీ మానిటర్ ఉండదు, అన్నిటికీ రిమోట్ డెస్క్‌టాపే.

సర్క్యూట్_సుజాత
నిజమే, రిమోట్ డెస్క్‌టాప్ కార్డు అవుట్‌పుట్‌ని కాపీ చేయదు. తన సొంత డిస్‌ప్లే డ్రైవర్‌తో వేరే తెర సృష్టించుకుంటుంది, మీ సర్వర్లు అందుకే పనిచేస్తున్నాయి. కానీ తెనాలి_రెండర్‌ది విండోస్ హోమ్. హోమ్‌లో బయటి నుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తీసుకోవడం ఉండదు, ప్రో కావాలి. ప్రో ఉన్నవాళ్లు కూడా ఒకటి గమనించాలి. రిమోట్ డెస్క్‌టాప్ మూసేస్తే మెషీన్ దగ్గరి అసలు తెర లాక్ అయి ఉంటుంది. ఆ తర్వాత ఇంకో రిమోట్ యాప్‌తో వస్తే లాక్ తెరో నలుపో ఎదురవుతుంది. అలాంటప్పుడు మూసేయకుండా, అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే సెషన్ అసలు తెరకి మారుతుంది:

```
tscon %sessionname% /dest:console
```

ఇది కొట్టాక ఇంటి దగ్గర మెషీన్ లాక్ లేకుండా తెరిచి ఉంటుంది, అది మర్చిపోకండి. పైగా అసలు తెరే లేని మెషీన్‌లో ఇది కూడా ఎక్కడికీ చేర్చదు. ప్లగ్ అవసరం అక్కడ కూడా ఉంది.

చేపలచెరువు_పై
నాదీ ఇలాంటిదే, కాకపోతే విండోస్ కాదు. భీమవరం దగ్గర చెరువు గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై పెట్టాను, ఆక్సిజన్ సెన్సర్ రీడింగులు దానికి వస్తాయి. వీఎన్‌సీలో చూస్తే `Cannot currently show the desktop` అంటోంది. పాత పై మీద `config.txt`లో `hdmi_force_hotplug=1` రాస్తే సరిపోయేది. కొత్త కార్డులో అదే లైను రాసినా మార్పు లేదు. నేను కూడా ప్లగ్ కొనాలా? అక్కడ తేమకి ఇత్తడే పచ్చబడుతుంది, ఇంకో ముక్క తగిలించడం నాకు ఇష్టం లేదు.

పెంగ్విన్_పద్మ
కొనక్కర్లేదండి. ఆ లైను పాత ఫర్మ్‌వేర్ డ్రైవర్ చదివేది. ఇప్పటి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డిస్‌ప్లేని లైనక్స్ కర్నెల్ డ్రైవరే చూసుకుంటుంది, అది ఆ లైనుని పట్టించుకోదు. `cmdline.txt`లో ఉన్న ఒకే ఒక లైను చివర ఒక ఖాళీ వదిలి ఇది చేర్చండి, కొత్త లైనుకి వెళ్లకండి:

```
video=HDMI-A-1:1920x1080@60D
```

చివర ఉన్న `D` అక్షరమే ముఖ్యం. పోర్టులో ఎవరూ లేకపోయినా డిజిటల్ అవుట్‌పుట్ ఉన్నట్టే నడపమని దాని అర్థం. ప్లగ్ 19వ పిన్ను మీద చెప్పే మాటనే ఇది కర్నెల్‌కి నేరుగా చెబుతుంది. రీబూట్ అయ్యాక ఫలితం ఇలా చూడొచ్చు:

```
cat /sys/class/drm/card*-HDMI-A-1/status
```

`connected` అని రావాలి. మామూలు లైనక్స్ డెస్క్‌టాప్‌లకి కూడా ఈ దారి చాలావరకు పనిచేస్తుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకున్నవాళ్లకి మాత్రం పద్ధతి వేరు.

చేపలచెరువు_పై
`connected` వచ్చింది, వీఎన్‌సీలో డెస్క్‌టాప్ కనబడుతోంది. ధన్యవాదాలు పద్మ గారూ.

గేమర్_కరీంనగర్
విండోస్‌లో కూడా ప్లగ్ లేకుండా కుదురుతుంది. వర్చువల్ డిస్‌ప్లే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోండి, లేని మానిటర్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే చూపిస్తుంది. విండోస్ 10 నుంచి దీనికి అధికారికంగా సదుపాయం ఉంది. నేను సన్‌షైన్, మూన్‌లైట్‌లతో ఆడతాను. ఫోన్ సైజుకీ టీవీ సైజుకీ తగ్గట్టు రిజల్యూషన్ మార్చుకోవచ్చు, ప్లగ్‌లో ఆ వీలు లేదు. అందులో రాసిన ఈడీఐడీ ఏదో అదే.

సర్క్యూట్_సుజాత
గేమింగ్‌కి నేనూ అదే చెబుతాను. కానీ మనిషి అందుబాటులో లేని మెషీన్‌కి నా ఓటు ప్లగ్‌కే. డ్రైవర్ అనేది విండోస్ లేచాక పనిచేసే సాఫ్ట్‌వేర్. పెద్ద అప్‌డేట్ తర్వాత అది లోడ్ కాకపోతే, సరిచేయడానికి కావాల్సిన తెరే లేకుండా పోతుంది. ప్లగ్‌ని ఏ అప్‌డేటూ కదిలించలేదు. కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. తెనాలి_రెండర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కాబట్టి రెండూ కుదురుతాయి, ఇంట్లో వాళ్లకి ఫోన్‌లో చెప్పి చేయించడానికి మాత్రం ప్లగ్ సులువు.

గేమర్_కరీంనగర్
నా డ్రైవర్ ఏ అప్‌డేట్‌కీ ఆగలేదు అక్కా. ఇందులో మీతో ఒప్పుకోలేను.

తెనాలి_రెండర్
హెచ్‌డీఎంఐ ప్లగ్ తెనాలికే ఆర్డర్ పెట్టాను, ఇవాళ వచ్చింది. నాన్నగారు వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టి రీస్టార్ట్ చేశారు. ఇంకా నలుపే. ఆ కమాండ్ కూడా అదే ఎర్రర్ చూపిస్తోంది. ప్లగ్ పాడైందంటారా?

సర్క్యూట్_సుజాత
ప్లగ్‌ని అనుమానించేముందు, ఏ పోర్టులో పెట్టారో నాన్నగారిని ఒక ఫోటో తీసి పంపమను. యూఎస్‌బీ, ఆడియో పోర్టులున్న పైభాగంలోనూ ఒక హెచ్‌డీఎంఐ ఉంటుంది, అది మదర్‌బోర్డుది. నీది రైజెన్ 5 5600, ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు. కాబట్టి మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ వెనక ఏమీ లేదు, అక్కడ ఏం పెట్టినా చదివేవాళ్లు లేరు. దాని కింద, అడ్డంగా ఉన్న ఇనప పట్టీలో మూడు డిస్‌ప్లేపోర్ట్‌ల పక్కన ఉన్నది కార్డు హెచ్‌డీఎంఐ. ప్లగ్ అందులో ఉండాలి.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్లకి ఇదే పొరపాటు ఇంకోలా బయటపడుతుంది. తెర వస్తుంది కానీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీద నడుస్తుంది, బ్లెండర్ వ్యూపోర్ట్ ఈడ్చుకుంటూ కదులుతుంది. చాలామంది నెట్ స్పీడు అనుకుని అక్కడ వెతుకుతారు.

తెనాలి_రెండర్
ఫోటో వచ్చింది, మీరు చెప్పినట్టే పై పోర్టులో ఉంది. నాన్నగారు కింద పోర్టుకి మార్చారు. రీస్టార్ట్ కూడా అక్కర్లేకపోయింది, కొన్ని సెకన్లలో లాగిన్ తెర వచ్చేసింది! కమాండ్‌లో ఇప్పుడు `Active : True`.

ఒక చిన్న ఇబ్బంది. తెర 3840x2160లో వచ్చింది. నా లాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మౌస్ కూడా కొంచెం ఆగి ఆగి కదులుతోంది.

సర్క్యూట్_సుజాత
ఆ ప్లగ్ ఈడీఐడీలో ఇష్టమైన రిజల్యూషన్‌గా 4కే రాసి ఉంది, విండోస్ దాన్నే తీసుకుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920x1080కి మార్చు, నాలుగో వంతు పిక్సెళ్లే పంపాలి కాబట్టి నెట్ మీద కూడా తేలికవుతుంది. అక్కడే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు చూడు. కొన్ని ప్లగ్‌లు 4కేని 30 హెర్ట్జ్‌కే చెబుతాయి, మౌస్ ఆగి కదలడం దానివల్లే కావచ్చు. 1080కి తగ్గిస్తే 60 దొరుకుతుంది.

తెనాలి_రెండర్
అవునక్కా, 30 ఉంది. 1080లో 60 వచ్చింది, ఇప్పుడు హాయిగా ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి పెట్టుకుంటాను. ప్లగ్ అలాగే ఉంచొచ్చా?

పెంగ్విన్_పద్మ
ఉంచొచ్చు, కానీ విండోస్‌కి అప్పుడు రెండు మానిటర్లు. నువ్వు తెరిచిన విండో కనబడని రెండోదాని మీద తెరుచుకుంటుంది, మౌస్ అంచు దాటి మాయమవుతుంది. టాస్క్‌బార్‌లో విండోని ఎంచుకుని విండోస్, షిఫ్ట్ కీలు పట్టుకుని బాణం కీ నొక్కితే వెనక్కి వస్తుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ విండోస్ కీతో పీ నొక్కి ఒకే తెర ఎంచుకో, లేదా ప్లగ్ పీకేసి మళ్లీ బయలుదేరే రోజున పెట్టు. పెట్టడం మర్చిపోకుండా నాన్నగారికి కూడా చెప్పి ఉంచు.

వీజీఏ_కాలం
సుజాత గారూ, హెచ్‌డీఎంఐకి రెసిస్టర్లు చాలవన్న మాట అర్థమైంది. మరి డిస్‌ప్లేపోర్ట్ ప్లగ్‌లు ఎందుకు ఎక్కువ ధర చెబుతున్నారు? అందులో కూడా ఒక చిప్ పెడితే చాలదా?

సర్క్యూట్_సుజాత
డిస్‌ప్లేపోర్ట్‌లో ఈడీఐడీ చదివాక కార్డు లింక్ ట్రైనింగ్ మొదలుపెడుతుంది. ఎన్ని లేన్లు, ఎంత వేగం అని అవతలి చిప్‌తో మాట్లాడి, సిగ్నల్ సరిగ్గా అందిందని జవాబు వచ్చాకే బొమ్మ పంపుతుంది. మౌనంగా ఉండే ఈఈప్రామ్ ఆ జవాబు ఇవ్వలేదు, జవాబు చెప్పే చిప్ ఒకటి కావాలి. అయితే చాలా కార్డుల డిస్‌ప్లేపోర్ట్‌లు హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా ఇవ్వగలవు కాబట్టి, మామూలు పాసివ్ అడాప్టర్ పెట్టి హెచ్‌డీఎంఐ ప్లగ్‌నే వాడుకోవచ్చు.

టాలీ_గుంటూరు
నా సమస్య కొంచెం వేరు. షాపులో మానిటర్ ఉంది, డిస్‌ప్లేపోర్ట్ కేబులే. రాత్రి షాపు మూసేటప్పుడు మా కుర్రాడు మానిటర్ స్విచ్ ఆపేస్తాడు. ఇంటి నుంచి టాలీ చూద్దామంటే నలుపు, లేదా తెర చిన్న సైజుకి పడిపోతుంది. మానిటర్ తగిలించే ఉంది కదా, ఇలా ఎందుకు?

సర్క్యూట్_సుజాత
చాలా డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లు ఆపేయగానే హాట్ ప్లగ్ సిగ్నల్‌ని కూడా కిందకి దించేస్తాయి. గోడ స్విచ్ ఆపితే ఇంకా ఖాయం. విండోస్ దృష్టిలో అది కేబుల్ పీకినట్టే. ముందు ఖర్చు లేని దారి చూడండి: స్విచ్ ఆపకుండా మానిటర్‌ని స్టాండ్‌బైలో వదిలేయమని కుర్రాడికి చెప్పండి. కొన్ని మానిటర్లకి స్టాండ్‌బై కూడా పనిచేయదు. అప్పుడు ఖాళీగా ఉన్న హెచ్‌డీఎంఐలో ప్లగ్ పెట్టండి, అసలు మానిటర్ పోయినా డెస్క్‌టాప్ నిలబడటానికి ఒక అవుట్‌పుట్ మిగులుతుంది.

టాలీ_గుంటూరు
పగలు రెండో తెర గోల పడతానేమో. కేబుల్‌కీ కార్డుకీ మధ్య పెట్టే ఈడీఐడీ ఎమ్యులేటర్ అని ఒకటి చూశాను. మానిటర్ ఆపినా కార్డుకి ఉన్నట్టే చెబుతుందట, రెండో తెర కూడా రాదట. ఎవరైనా డిస్‌ప్లేపోర్ట్‌ది వాడారా?

గేమర్_కరీంనగర్
హెచ్‌డీఎంఐది వాడాను, పనిచేసింది. కాకపోతే నా 144 హెర్ట్జ్ మానిటర్‌ని 60కే చూపించింది. టాలీకి అది అడ్డు కాదు. డిస్‌ప్లేపోర్ట్‌ది ఎలా ఉంటుందో వాడినవాళ్లే చెప్పాలి.